పదా, వందా? కళ్ళద్దాల చీటీలోని మూడు అంకెలు

తాడిపత్రి నుంచి వచ్చి అనంతపురంలో హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్న పంతొమ్మిదేళ్ళ అమ్మాయికి మొదటిసారి సైటు ఉందని తేలిందనుకుందాం. పరీక్ష అనంతపురంలోనే జరిగింది, అద్దాలు మాత్రం ఊళ్ళో తెలిసిన షాపులో చేయిద్దామని ఇంట్లో అన్నారు. ఆమె డాక్టరు రాసిన చీటీని ఫోన్‌లో ఫోటో తీసి నాన్నకు వాట్సాప్‌లో పంపింది, ఆయన దాన్ని షాపుకు పంపారు. చీటీ మీద ఉన్నది ఇది:

```
      SPH     CYL     AXIS
RE   -1.25   -0.50    170
LE   -0.75   -1.50    10°
```

RE అంటే కుడి కన్ను, LE అంటే ఎడమ కన్ను. కొన్ని చీటీల్లో వీటి బదులు OD, OS అని ఉంటుంది. OD కుడి, OS ఎడమ. చివరి గడిలో పది పక్కన డిగ్రీ గుర్తుగా పెట్టిన చిన్న సున్నా పెన్నుతో కాస్త పెద్దగా పడింది. కాగితం చేతిలో ఉన్నప్పుడు అది గుర్తేనని తెలిసిపోతుంది. ట్యూబ్‌లైటు కింద కొద్దిగా వంకరగా తీసిన ఫోటోలో మాత్రం అది మూడో అంకెలా ఉంది, చూసినవారు వంద అని చదువుతారు. ఇలా ఒక్క సున్నా చేరితే ఆ అద్దానికి ఏమవుతుందో తెలియాలంటే, ముందు ఈ మూడు గడులు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలియాలి.

మొదటి గడి స్ఫియర్. అద్దం అన్ని దిశల్లోనూ సమానంగా ఇచ్చే పవర్ ఇది. దీని కొలత డయాప్టర్. పదో తరగతి భౌతికశాస్త్రంలో చదివినదే: మీటర్లలో చెప్పిన నాభ్యంతరంతో ఒకటిని భాగిస్తే వచ్చే సంఖ్య. మైనస్ పవర్ ఉన్న కంటి విషయంలో దీనికి చాలా సూటిగా అందే అర్థం ఒకటుంది. వందను ఆ పవర్‌తో భాగిస్తే, అద్దాలు లేకుండా ఆ కన్ను స్పష్టంగా చూడగల గరిష్ఠ దూరం సెంటీమీటర్లలో వస్తుంది. మైనస్ ఒకటి ఉన్న కన్ను మీటరు దూరం దాకా, మైనస్ రెండు ఉన్న కన్ను యాభై సెంటీమీటర్ల దాకా స్పష్టంగా చూస్తుంది. అంటే ఈ అంకె శాతమూ కాదు, వందకు వచ్చిన మార్కులూ కాదు; చూపు స్పష్టత ఎక్కడ ఆగిపోతుందో చెప్పే దూరానికి మరో రూపం. చీటీలో పక్కన కనిపించే 6/6, 6/9 లాంటివి వేరే లెక్క. అవి ఆరు మీటర్ల దూరంలోని బోర్డు మీద ఏ వరుస దాకా చదవగలిగారో చెబుతాయి, అద్దం పవర్ గురించి ఏమీ చెప్పవు.

పవర్ పావు డయాప్టర్ మెట్లలో నడుస్తుంది కాబట్టి చీటీలో చుక్క తర్వాత 00, 25, 50, 75 తప్ప మరేదీ సాధారణంగా ఉండదు. ఫోటోలో -1.35 అనో -1.26 అనో కనిపించిందంటే చదవడంలోనే పొరపాటు జరిగిందని అక్కడే తెలుసుకోవచ్చు. కొందరు చుక్క పెట్టకుండా 125 అని రాస్తారు, అది ఒకటింపావే. వీటన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ముందున్న గుర్తు. మైనస్ అంటే హ్రస్వదృష్టికి వాడే పుటాకార కటకం, ప్లస్ అంటే దీర్ఘదృష్టికి వాడే కుంభాకార కటకం. ఫోటోలో మైనస్ గీత గడి గీతలో కలిసిపోవడం, లేదా కాగితం మడత మీద పడి చెదిరిపోవడం చాలా తేలిక. అసలు ఏ గుర్తూ కనబడని అంకెను ప్లస్ అని గానీ మైనస్ అని గానీ ఊహించుకోవడం తప్పు; రాసినవారిని అడగడం ఒక్కటే దారి.

రెండో గడి సిలిండర్. మొదటిసారి అద్దాలు పెట్టుకొనేవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఇదే, ఎందుకంటే సైటు అంటే ఒకే అంకె అని అందరూ అనుకుంటారు. కంటి ముందుభాగంలోని కార్నియా బంతి ముక్కలా అన్ని వైపులా ఒకే వంపుతో ఉంటే ఒక అంకె చాలు. చాలామందిలో అది అలా ఉండదు. చెంచా వెనుకభాగాన్ని వేలితో తడిమి చూస్తే సంగతి అర్థమవుతుంది: పొడవు దిశలో వంపు తక్కువ, అడ్డంగా వంపు ఎక్కువ. కార్నియా అంత ఎక్కువగా కాకపోయినా ఆ తీరులోనే ఉన్నప్పుడు కాంతి ఒక దిశలో ఒకచోట, దానికి లంబంగా ఉన్న దిశలో మరోచోట కేంద్రీకృతమవుతుంది. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. ఇది రోగం కాదు, ఆకారంలో ఉన్న తేడా. ఆ రెండు దిశల మధ్య పవర్‌లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె సిలిండర్.

ఆ పేరు కూడా ఊరికే రాలేదు. గాజు స్తంభం పక్కభాగం నుంచి నిలువునా ఒక పలక కోశారనుకోండి. స్తంభం పొడవు వెంట ఆ పలకకు వంపు లేదు కాబట్టి ఆ దిశలో పవర్ లేదు. దానికి అడ్డంగా వంపు ఉంది కాబట్టి అటు పవర్ ఉంది. పవర్ లేని ఆ పొడవు దిశే అక్షం. మూడో గడిలోని యాక్సిస్ ఈ దిశను డిగ్రీల్లో చెబుతుంది. యాక్సిస్ పవర్ కాదు. 170 అని ఉంటే కన్ను బాగా చెడిపోయిందని, 10 అని ఉంటే పరవాలేదని అనుకోవడానికి అందులో ఏమీ లేదు. అంతేకాదు, సిలిండర్ గడి ఖాళీగా ఉంటే యాక్సిస్‌కు అర్థమే లేదు. సిలిండర్ అంకె ఉండి యాక్సిస్ లేకపోతే ఆ చీటీతో అద్దం చేయడమే కుదరదు.

ఇప్పుడు అమ్మాయి ఎడమ కంటి అంకెలను కలిపి చదవవచ్చు. అక్షం దిశలో, అంటే 10 డిగ్రీల వెంట, అద్దానికి స్ఫియర్ ఒక్కటే ఉంటుంది: -0.75. దానికి లంబంగా, అంటే 100 డిగ్రీల వెంట, స్ఫియర్, సిలిండర్ రెండూ కలుస్తాయి: -0.75, -1.50 కలిపితే -2.25. కాబట్టి ఆ కంటికి సైటు ఒకటి కాదు, దిశకొకటి. దాదాపు అడ్డంగా ఉన్న దిశలో దాని చూపు 133 సెంటీమీటర్ల దాకా, దాదాపు నిలువుగా ఉన్న దిశలో 44 సెంటీమీటర్ల దాకా మాత్రమే నిలుస్తుంది. నిలువు దిశలో మసక ఎక్కువ కాబట్టి ప్రతి చుక్కా పైకీ కిందికీ సాగినట్టు కనబడుతుంది. నిలువు గీతలు కొంత నయంగా ఉంటాయి, అడ్డగీతలు మందంగా అలుక్కుపోతాయి. ఎడమ కంటితో మాత్రమే బస్సు బోర్డు చూస్తే ‘తాడిపత్రి’లో పకారం ఒంటికీ తలకట్టుకూ నడుమ ఉన్న సన్నని సందు ముందుగా పూడిపోతుంది, ప కాస్తా వ లాగా అనిపిస్తుంది. దూరం నుంచి అక్షరాలు మసకగా ఉన్నాయని మాత్రమే కాక, జంటగా ఉన్నాయనో నీడలా ఉందనో చెప్పేవారిలో చాలామందిది ఈ సంగతే.

యాక్సిస్ డిగ్రీలు ఎక్కడ మొదలై ఎటు తిరుగుతాయో తెలుసుకోవడానికి అనంతపురం వారికి టవర్‌క్లాక్ కన్నా మంచి బొమ్మ లేదు. డిగ్రీలను పరీక్ష చేసే మనిషి వైపు నుంచి, అంటే ఎదుట కూర్చొని మన ముఖం చూసేవారి వైపు నుంచి లెక్కిస్తారు. టవర్ ఎదుట నిలబడి గడియారం ముఖాన్ని చూస్తున్నట్టే మన కంటిని వారు చూస్తున్నారనుకుంటే సరిపోతుంది. లెక్క మూడు దగ్గర మొదలై ముల్లు తిరిగే దిశకు ఎదురుగా సాగుతుంది. రెండు దగ్గర 30, ఒకటి దగ్గర 60, పన్నెండు దగ్గర 90, పదకొండు దగ్గర 120, పది దగ్గర 150, తొమ్మిది దగ్గర 180. అక్కడితో లెక్క ముగుస్తుంది, ఎందుకంటే గీతకు రెండు కొసలుంటాయి. తొమ్మిది మీదుగా పోయే గీత మూడు మీదుగానూ పోతుంది. అందుకే యాక్సిస్ ఎన్నడూ 180 దాటదు, సున్నా అని రాయవలసిన చోట కూడా 180 అనే రాస్తారు. ఫోటోలో 200 కనిపించిందంటే అది 20 పక్కన డిగ్రీ గుర్తు తప్ప మరొకటి కాదు. దురదృష్టవశాత్తు 10, 18 లాంటి అంకెలకు ఈ రక్షణ లేదు: డిగ్రీ గుర్తు సున్నాగా మారితే అవి 100, 180 అవుతాయి, రెండూ చెల్లే అంకెలే.

మన ఉదాహరణలో ఎడమ కంటి 10 అనే గీత గడియారంలో మూడు నుంచి రెండు వైపు మూడో వంతు దూరం పైకి లేచి ఉంటుంది. దాదాపు పడుకున్న గీత అది. 100 అయితే పన్నెండు నుంచి పదకొండు వైపు మూడో వంతు దూరం ఒరిగిన, దాదాపు నిలబడిన గీత. షాపులో వందగా చదివి అద్దం కోస్తే, -0.75 పడవలసిన దిశలో -2.25, -2.25 పడవలసిన దిశలో -0.75 పడతాయి. ఒక దిశలో డయాప్టరున్నర ఎక్కువ, ఇంకో దిశలో డయాప్టరున్నర తక్కువ. అద్దం లేనప్పుడు ఆ కంటిలో రెండు దిశల మధ్య తేడా 1.50 ఉండేది, అద్దం పెట్టుకున్నాక అది 3.00 అవుతుంది. అంటే సరిచేయవలసిన దోషాన్ని అద్దమే రెట్టింపు చేసింది. స్ఫియర్‌లో మైనస్ కొద్దిగా ఎక్కువైతే పడుచు కన్ను లోపలి కటకాన్ని బిగించి కొంత సర్దుకోగలదు. దిశల మధ్య తేడాను అలా సర్దుకోవడం దానికి చేతకాదు. అందుకే సిలిండర్ ఉన్న చీటీలో యాక్సిస్‌ను పవర్ అంత శ్రద్ధగానూ చదవాలి.

అయితే వంద అన్న అంకె కనబడగానే తప్పని తేల్చేయడానికీ వీల్లేదు. ఇదే అద్దాన్ని మరో విధంగా రాయవచ్చు:

```
LE   -2.25   +1.50   100
```

స్ఫియర్, సిలిండర్ రెంటినీ కలిపితే వచ్చేది కొత్త స్ఫియర్; సిలిండర్ అంకె అదే, గుర్తు మాత్రం మారుతుంది; యాక్సిస్ 90 డిగ్రీలు జరుగుతుంది. ఈ రూపంలో 100 దిశలో -2.25 ఉంది, 10 దిశలో -2.25, +1.50 కలిసి -0.75 అవుతుంది. మొదట రాసినదీ ఇదే. కొందరు డాక్టర్లు ప్లస్ సిలిండర్‌తో రాస్తారు, ఎక్కువ షాపుల్లో మైనస్‌తో వ్యవహరిస్తారు, అద్దాల పవర్ కొలిచే లెన్సోమీటరు ఏ రూపంలోనైనా చూపవచ్చు. రెండుచోట్ల పరీక్ష చేయించుకొని రెండు చీటీలను పక్కపక్కన పెట్టి, సైటు అమాంతంగా మారిపోయిందని కంగారుపడేవారు ముందు ఈ మార్పిడి చేసి చూడాలి. కాబట్టి 100 తప్పా ఒప్పా అన్నది ఆ అంకెలో లేదు, దాని పక్కనున్న గుర్తులో ఉంది. సిలిండర్ -1.50, స్ఫియర్ -0.75 అయి ఉండి యాక్సిస్ 100 అయితే అది వేరే కన్ను.

ఫోటోను మాత్రమే చూస్తూ పదా వందా అని అనుమానించడానికి ఆధారాలు లేకపోలేదు. ముఖ్యమైనది రెండో కన్ను. కుడి కంటి యాక్సిస్ 170 అని చక్కగా కనబడుతోంది. ఆ గీత తొమ్మిది నుంచి పది వైపు కాస్త లేచి ఉంటుంది, ఎడమ కంటి పది డిగ్రీల గీత మూడు నుంచి రెండు వైపు కాస్త లేచి ఉంటుంది. ఎదురుగా నిలబడి ముఖం చూస్తే రెండూ పక్షి రెక్కల్లా బయటి వైపు పైకి లేచినట్టుంటాయి. చాలామందిలో రెండు కళ్ళ అక్షాలు ఇలా అద్దంలో ప్రతిబింబంలా ఉండి, కలిపితే 180కి దగ్గరగా వస్తాయి. అందులోనూ పడుచువారిలో మైనస్ సిలిండర్ అక్షం 180 చుట్టుపక్కల ఉండటం ఎక్కువ. ఈ రెండూ పది వైపే చెబుతున్నాయి. కానీ ఇది నియమం కాదు. రెండు కళ్ళు రెండు దారుల్లో ఉన్నవారూ ఉంటారు. అనుమానించడానికి ఇది చాలు, అద్దం కోయడానికి చాలదు.

రెండో ఆధారం కంప్యూటర్ టెస్ట్ చీటీ. గడ్డం ఆనించి లోపలి బొమ్మను చూసే యంత్రం నుంచి వచ్చే ఆ చిన్న కాగితంలో ఒక్కో కంటికి S, C, A అనే మూడు వరుసల్లో రెండు మూడు కొలతలు, కింద వాటి నుంచి తేల్చిన ఒక కొలత ఉంటాయి. అందులో ఎడమ కంటి యాక్సిస్ 8, 12, 11 అని ఉంటే, చేతిరాతలో ఉన్నది 10 అని నమ్మడానికి బలమైన కారణమే. అయినా ఆ కాగితాన్నే చీటీ అనుకొని షాపుకు పంపడం మాత్రం చేయకూడని పని. యంత్రంలోకి చూసేటప్పుడు పడుచు కన్ను దగ్గరి వస్తువును చూస్తున్నట్టు బిగుసుకొని మైనస్‌ను ఎక్కువగా చూపవచ్చు. అందుకే దాని తర్వాత ట్రయల్ ఫ్రేములో అద్దాలు మార్చి మార్చి, బోర్డు చదివించి, మనిషి నోటి మాట విని చివరి పవర్ రాస్తారు. అద్దం చేయవలసింది ఆ చివరి అంకెలతో. యంత్రపు కాగితం మీద PD అన్న చోట 62 లాంటి అంకె ఉంటే అది రెండు కనుపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో. దాన్ని యాక్సిస్‌గా చదివితే మళ్ళీ మొదటికి వస్తుంది.

యాక్సిస్‌లో తప్పు ఎంతైతే ఎంత నష్టమన్నది సిలిండర్ పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐదు డిగ్రీలు అటూ ఇటూ అయితే సిలిండర్‌లో సుమారు ఆరో వంతు దోషం సరికాకుండా మిగులుతుంది. ఎడమ కంటికి 1.50 ఉంది కాబట్టి ఆ మిగులు పావు డయాప్టరు, అంటే గమనించదగ్గదే. కుడి కంటికి 0.50 మాత్రమే కాబట్టి అదే తప్పుకు మిగిలేది డయాప్టరులో పన్నెండో వంతు, చాలామందికి తెలియనే తెలియదు. ముప్పై డిగ్రీలు తప్పితే ఎంత సిలిండర్ పెట్టారో అంత దోషమూ మరో దిశలో మిగిలే ఉంటుంది, పెట్టినా పెట్టకపోయినా ఒక్కటే. దాని పైన తప్పితే సిలిండర్ లేకపోవడమే మేలు.

ఫోటో పంపేవారు కాగితాన్ని బల్ల మీద పరచి, వెనుక కెమెరాతో, పేరు, తేదీ, గడుల పైనున్న శీర్షికలు అన్నీ పడేటట్టు నిటారుగా పైనుంచి తీయాలి. ముందు కెమెరా కొన్ని ఫోన్లలో బొమ్మను ఎడమకుడిగా తిప్పేస్తుంది. ఫోటోతో పాటు అంకెలను టైపు చేసి పంపడం అంతకన్నా ముఖ్యం. అలా చేసేటప్పుడు డిగ్రీ గుర్తు వదిలేసి యాక్సిస్‌ను మూడంకెలుగా రాయాలి: పదిని 010 అని, పద్ధెనిమిదిని 018 అని. 010 అన్న దాన్ని వంద అని ఎవరూ చదవలేరు. మన ఉదాహరణలో అమ్మాయి ఆ సాయంత్రం పరీక్ష చేసిన చోటికి ఫోన్ చేసి, రిజిస్టరులో ఉన్నది పదే అని నిర్ధారించుకొని, షాపుకు ఇలా పంపితే చాలు:

```
RE  -1.25 / -0.50 x 170
LE  -0.75 / -1.50 x 010
```

అద్దాలు చేతికి వచ్చాక షాపులోనే లెన్సోమీటరు మీద పెట్టి అంకెలు చదివి చెప్పమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఇంట్లో చేసుకోగల పరీక్షలూ ఉన్నాయి. అద్దాలను చేయి చాచి పట్టుకొని, ఒక అద్దంలోంచి దూరంగా ఉన్న తలుపు చట్రాన్ని చూస్తూ మెల్లగా పక్కకు జరిపితే, మైనస్ అద్దంలో కనిపించే చట్రం అద్దం జరిగే వైపే జరుగుతుంది. ప్లస్ అయితే ఎదురు జరుగుతుంది. ఎడమ అద్దాన్ని అలాగే పట్టుకొని చక్రంలా కొద్దిగా తిప్పితే, అద్దం లోపల కనిపించే నిలువు గీత బయటి గీతతో అతకకుండా వాలుతుంది. సిలిండర్ ఉందనడానికి అదే గుర్తు. స్ఫియర్ ఒక్కటే ఉన్న అద్దంలో ఎంత తిప్పినా గీత వాలదు.

మొదటి రోజుల్లో నేల వాలినట్టు, గుమ్మాలు ఒరిగినట్టు, మెట్లు దగ్గరకు వచ్చినట్టు అనిపించడం సిలిండర్ కొత్తగా పెట్టుకున్నవారికి మామూలే, సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఆ ఇబ్బందికీ తప్పు అద్దానికీ తేడా తెలియాలంటే ఒక్కో కంటిని విడిగా చూడాలి. కుడి కంటిని అరచేత్తో మూసి, దూరంగా ఉన్న బోర్డును ఎడమ కంటితో ముందు అద్దంతో, తర్వాత అద్దం లేకుండా చదవాలి. నేల వాలినట్టున్నా అక్షరం స్పష్టంగా కనబడుతోందంటే అది అలవాటు కావలసిన ఇబ్బంది. అద్దంతో అక్షరం మరింత చెదిరితే అది అలవాటయ్యేది కాదు. అప్పుడు కుడి కన్ను మూసే ఉంచి, ఫ్రేమును ఒక పక్క కాస్త పైకెత్తి, తర్వాత రెండో పక్క పైకెత్తి చూడాలి. ఏదో ఒక వంపులో అక్షరం తేటపడితే యాక్సిస్‌ను అనుమానించాలి. అద్దాలతో పాటు ఫోటో కాక అసలు చీటీని తీసుకొని షాపుకు వెళ్ళి, ఎడమ అద్దం యాక్సిస్ ఎంత ఉందో కొలవమని అడగాలి. జవాబు వంద అని వస్తే సిలిండర్ ముందు ఏ గుర్తు ఉందో కూడా అప్పుడే అడగాలి.